230 వోల్టులు, 8 ఆంపియర్లు, 1288 వాట్లు: మిగతా 552 సంగతేమిటి?

ప్రశ్న: "సింగిల్ ఫేజ్ మోటారు నడుస్తుండగా కొలిచాను సార్. వోల్టేజి 230. క్లాంప్ మీటర్‌లో కరెంటు 8 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1840. వాట్‌మీటర్ మాత్రం 1288 వాట్లే చూపిస్తోంది. తేడా 552 వచ్చింది కదా, అదేనా రియాక్టివ్ పవర్? అది ఎక్కడికి పోతోంది?"

జవాబు:

మీ మీటర్లలో తప్పేమీ లేదు. 1840 అనేది అపారెంట్ పవర్, దాన్ని వోల్ట్ ఆంపియర్లలో చెప్పాలి. 1288 వాట్లు రియల్ పవర్. రియాక్టివ్ పవర్ మాత్రం 552 కాదు, 1314 వార్‌లు. ఈ మూడింటినీ మామూలు కూడికలు, తీసివేతలతో కలపకూడదు. మీకు వచ్చిన 552 ఎక్కడికీ పోవడం లేదు. కానీ ఆ అంకెకు ఒక అర్థం ఉంది, కాసేపట్లో అదే అంకె మళ్లీ కనిపిస్తుంది.

ముందు పవర్ త్రిభుజాన్ని పక్కన పెట్టండి. చాలామంది త్రిభుజంతో మొదలుపెట్టి, సూత్రం బట్టీ పట్టి, లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే ముగిస్తారు. మనం ఒక్క అర సైకిల్ లోపలికి చూద్దాం. 50 హెర్ట్జ్ సప్లైలో అర సైకిల్ అంటే 10 మిల్లీసెకన్లు.

230 అనేది ఆర్‌ఎంఎస్ విలువ, వోల్టేజి శిఖరం 325 వోల్టులు. అలాగే 8 ఆంపియర్ల కరెంటు శిఖరం 11.31 ఆంపియర్లు. మీ పవర్ ఫ్యాక్టర్ 1288ని 1840తో భాగిస్తే వచ్చే 0.70. కొసైన్ 0.70 అయ్యే కోణం 45.57 డిగ్రీలు. 360 డిగ్రీలకు 20 మిల్లీసెకన్లు కాబట్టి 45.57 డిగ్రీలంటే 2.53 మిల్లీసెకన్లు. అంటే వోల్టేజి సున్నా దాటిన 2.53 మిల్లీసెకన్ల తర్వాత గానీ కరెంటు సున్నా దాటదు. మోటారు వైండింగ్‌లోని అయస్కాంత క్షేత్రమే కరెంటును అలా వెనక్కి పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు ఆ 10 మిల్లీసెకన్లలో కొన్ని క్షణాలు ఎంచుకుని, ఆ క్షణంలోని వోల్టేజిని అదే క్షణంలోని కరెంటుతో గుణించి చూడండి:

```
t (ms)    v (V)    i (A)     p = v·i (W)
 0.00        0     -8.08          0
 1.27      126     -4.38       -552
 2.53      232      0             0
 5.00      325      7.92       2576
 6.27      300     10.43       3128
 7.53      228     11.31       2576
10.00        0      8.08          0
```

రెండో వరుస చూడండి. వోల్టేజి పాజిటివ్, కరెంటు ఇంకా నెగటివ్. లబ్ధం మైనస్ 552 వాట్లు. ఆ క్షణంలో మోటారు సప్లై నుంచి పవర్ తీసుకోవడం లేదు, తిరిగి సప్లైలోకే పంపుతోంది. మొదటి 2.53 మిల్లీసెకన్లూ ఇదే పరిస్థితి. తర్వాత మిగిలిన 7.47 మిల్లీసెకన్లు పవర్ లోపలికి వస్తుంది, 3128 వాట్ల దాకా ఎగసి మళ్లీ సున్నాకు దిగుతుంది. తర్వాతి అర సైకిల్‌లో వోల్టేజి, కరెంటు రెండిటి గుర్తులూ తిరగబడతాయి కాబట్టి లబ్ధం అచ్చం ఇలాగే పునరావృతమవుతుంది. అందుకే పవర్ తరంగం 50 హెర్ట్జ్‌లో కాకుండా 100 హెర్ట్జ్‌లో ఊగుతుంది.

ఆ ఊగిసలాట మధ్య రేఖ ఎక్కడుంది? 3128నీ మైనస్ 552నీ కూడి రెండుతో భాగిస్తే 1288. అదే మీ వాట్‌మీటర్ చూపించిన అంకె. మధ్య రేఖ నుంచి శిఖరం ఎంత ఎత్తు? 3128 నుంచి 1288 తీసేస్తే 1840. అదే మీరు గుణించి తెచ్చుకున్న అంకె. కాబట్టి సైన్ తరంగాలు ఉన్నచోట రియల్ పవర్ అంటే సగటు, అపారెంట్ పవర్ అంటే ఆ సగటు చుట్టూ జరిగే ఊగిసలాట ఎత్తు. ఒక్క లైన్‌లో రాస్తే ఇంతే:

```
p(t) = P − S·cos(2ωt − φ)
P = 1288 W,  S = 1840 VA,  φ = 45.57°
```

మీ 552 అంటే S నుంచి P తీసేస్తే వచ్చేది. పవర్ వెనక్కి ప్రవహించేటప్పుడు అది చేరే అడుగు స్థాయి అదే. ఒక క్షణపు విలువ అది. సగటూ కాదు, నష్టమూ కాదు, రియాక్టివ్ పవరూ కాదు.

మరి 1314 ఎక్కడి నుంచి వచ్చింది? దానికి కరెంటును రెండుగా విడదీసి చూడాలి. 8 ఆంపియర్ల కరెంటులో వోల్టేజితో కలిసి నడిచే భాగం ఒకటి, వోల్టేజికి సరిగ్గా పావు సైకిల్ వెనక నడిచే భాగం ఒకటి ఉన్నాయనుకోండి. మొదటిది 8 × 0.70, అంటే 5.60 ఆంపియర్లు. రెండోది 8ని 45.57 డిగ్రీల సైన్‌తో, అంటే 0.714తో గుణిస్తే 5.71 ఆంపియర్లు. మొదటి భాగాన్ని 230తో గుణిస్తే 1288 వాట్లు వస్తాయి. ఈ భాగం వల్ల వచ్చే పవర్ ఎప్పుడూ లోపలికే వస్తుంది, ఒక్క క్షణం కూడా మైనస్‌లోకి పోదు. రెండో భాగాన్ని 230తో గుణిస్తే 1314 వస్తుంది. ఈ భాగం వల్ల వచ్చే పవర్ 5 మిల్లీసెకన్లు లోపలికీ, తర్వాతి 5 మిల్లీసెకన్లు బయటికీ సమానంగా ఊగుతుంది. సగటు సున్నా, శిఖరం 1314. ఆ శిఖరాన్నే రియాక్టివ్ పవర్ అంటాం. వాట్ల నుంచి వేరుగా తెలియాలని దానికి వార్ అనే యూనిట్ పెట్టారు.

5.60, 5.71 కూడితే 11.31 వస్తుంది గానీ 8 రాదు. రెండు కరెంట్లూ శిఖరాన్ని చేరే క్షణాలు వేరు కాబట్టి వాటి ఆర్‌ఎంఎస్ విలువలను నేరుగా కూడకూడదు. వర్గాలు కూడాలి. 5.60 వర్గం 31.36, 5.71 వర్గం దాదాపు 32.64, మొత్తం 64, దాని వర్గమూలం 8. త్రిభుజం పుట్టింది ఇక్కడే. కరెంట్లకు వర్తించిన ఈ వర్గాల కూడికనే 230తో గుణిస్తే పవర్ త్రిభుజం అవుతుంది:

```
S = V·I          = 230 × 8              = 1840 VA
P = wattmeter                            = 1288 W
Q = √(S² − P²)   = √(1840² − 1288²)      = 1314 VAr
```

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "1314 వార్‌లు అంటే అంత పవర్ లైన్‌లో వెనక్కీ ముందుకీ పోతోంది" అని చెబుతుంటారు. జూల్స్‌లో లెక్కేస్తే అది నిజం కాదని తెలుస్తుంది. మోటారు అయస్కాంత క్షేత్రంలో గరిష్ఠంగా నిలిచే శక్తి, 1314ను ఒమేగాతో, అంటే 314.16తో భాగిస్తే, 4.18 జూల్స్. ప్రతి అర సైకిల్‌లో క్షేత్రం అంత శక్తితో ఒకసారి నిండి ఒకసారి ఖాళీ అవుతుంది. కానీ లైన్‌లో వెనక్కి పోయేది ఎంత? పట్టికలోని మైనస్ భాగం వైశాల్యం లెక్కిస్తే 0.92 జూల్ మాత్రమే. అర సైకిల్‌లో లోపలికి వచ్చేది 13.80 జూల్స్, వెనక్కి పోయేది 0.92, మిగిలేది 12.88. దాన్ని 10 మిల్లీసెకన్లతో భాగిస్తే సరిగ్గా 1288 వాట్లు.

4.18లో 0.92 పోగా మిగిలిన 3.26 జూల్స్ ఏమయ్యాయి? క్షేత్రం ఖాళీ అవుతున్న సమయంలో మోటారుకు పని చేయడానికి శక్తి కావాలి కదా. క్షేత్రం వదిలినదాన్ని మోటారే అక్కడికక్కడ వాడేసుకుంటుంది, మిగులు మాత్రమే లైన్‌లోకి వస్తుంది. పూర్తిగా ఇండక్టర్ అయిన లోడ్‌లో వాడుకునేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి మొత్తం వెనక్కి పోతుంది. అందుకే Qని "వెనక్కి పోయే పవర్" అనడం కన్నా "క్షేత్రాన్ని నింపి ఖాళీ చేసే పవర్ శిఖరం" అనడం నయం.

ఇంకో మాట. 1288ని 8 వర్గంతో భాగిస్తే 20.1 ఓమ్‌లు, 1314ను 64తో భాగిస్తే 20.5 ఓమ్‌లు వస్తాయి. మోటారును 20.1 ఓమ్‌ల రెసిస్టెన్స్, 65 మిల్లీహెన్రీల ఇండక్టెన్స్ సిరీస్‌లో ఉన్నట్టు రాసుకోవచ్చు, లెక్కలు కుదురుతాయి. కానీ మల్టీమీటర్‌తో వైండింగ్ కొలిచి "20 ఓమ్‌లు రావాలి, 2 ఓమ్‌లే వచ్చింది, వైండింగ్ కాలిపోయింది" అని నిర్ణయించకండి. ఆ 20.1లో షాఫ్ట్ మీద చేసే పని కూడా కలిసి ఉంది. రాగి తీగ రెసిస్టెన్స్ అందులో చిన్న భాగమే.

కరెంటులో 5.71 ఆంపియర్ల భాగం పని చేయకపోయినా తీగలను మాత్రం వేడి చేస్తుంది. మోటారుకు వచ్చే కేబుల్ రానూ పోనూ కలిపి అర ఓమ్ ఉందనుకోండి. 8 ఆంపియర్లకు కేబుల్‌లో 32 వాట్లు వేడిగా పోతాయి. ఇదే మోటారు కేవలం 5.60 ఆంపియర్లతో 1288 వాట్లు తీసుకోగలిగితే ఆ నష్టం 15.7 వాట్లే. తీగ, స్విచ్, జనరేటర్ వైండింగ్, వీటన్నిటికీ మొత్తం 8 ఆంపియర్లే తెలుసు. అందుకే వాటి సామర్థ్యాన్ని వీఏలో రాస్తారు. మీ లోడ్ నడిచేటప్పుడు తీసుకునేది 1288 వాట్లు కదా అని 1500 వీఏ జనరేటర్ ఎంచుకుంటే అది ఓవర్‌లోడ్‌లోనే ఉంటుంది, ఎందుకంటే దాని మీద పడేది 1840. స్టార్టింగ్ కరెంటు సంగతి అసలు ఇందులో కలపలేదు.

రెండో లోడ్ కలిసినప్పుడు ఏం చేయాలో కూడా చూపిస్తాను, తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. అదే లైన్ మీద 920 వాట్ల హీటర్ పెట్టారనుకోండి. హీటర్‌ది 4 ఆంపియర్లు, రియాక్టివ్ ఏమీ లేదు. 8కి 4 కలిపి 12 ఆంపియర్లు అనుకుంటాం, కానీ క్లాంప్ మీటర్ 11.17 చూపిస్తుంది. వీఏలను కూడకూడదు. వాట్లను వాట్లతో, వార్‌లను వార్‌లతో కూడి, చివర్లో వర్గమూలం తీయాలి:

```
P = 1288 + 920 = 2208 W
Q = 1314 + 0   = 1314 VAr
S = √(2208² + 1314²) = 2569 VA
I = 2569 / 230 = 11.17 A
```

పవర్ ఫ్యాక్టర్ 0.86కి పెరిగింది. మోటారులో ఏ మార్పూ లేదు, దాని 1314 వార్‌లు అలాగే ఉన్నాయి. పక్కన వాట్లు పెరిగాయి కాబట్టి నిష్పత్తి మెరుగ్గా కనబడుతోంది, అంతే. ఒక ఇన్‌స్టలేషన్‌లో పవర్ ఫ్యాక్టర్ బాగుందా లేదా అన్న అంకె ఒక్కటే చూసి సమస్య తీరిందనుకోకూడదు అనేది ఇందుకే. వార్‌లు ఎన్ని ఉన్నాయో చూడండి.

మీ దగ్గర వాట్‌మీటర్ ఉంది, సంతోషం. అది లేనివాళ్లు ఎనర్జీ మీటర్ మీద మెరిసే చిన్న లైటుతో రియల్ పవర్ కొలుచుకోవచ్చు. మీటర్ ముఖం మీద కిలోవాట్ అవర్‌కు ఎన్ని పల్స్‌లో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, 1288 వాట్ల లోడ్‌కు ఒక మెరుపుకీ తర్వాతి మెరుపుకీ మధ్య 0.873 సెకన్లు. ఒక్కటి కొలిస్తే చేతి వేగంలోని తేడాయే పెద్దదవుతుంది, కాబట్టి వంద మెరుపులకు టైమ్ చూడండి. మిగతా లోడ్‌లన్నీ ఆపి చూస్తే 87 సెకన్లు రావాలి:

```
P = 3600 × 1000 × N / (K × t)
N = 100,  K = 3200,  t = 87.3 s   →   P = 1289 W
```

మొదట లెక్కపెట్టే మెరుపును "సున్నా" అనాలి, "ఒకటి" అనకూడదు. లేకపోతే వందలో ఒకటి తప్పుతుంది.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పాల్సిన విషయం. వోల్టేజి, కరెంటు, వాట్లు, ఈ మూడు అంకెలతో Q పరిమాణం తెలుస్తుంది గానీ గుర్తు తెలియదు. 1314 వార్‌లు కరెంటు వోల్టేజి వెనక నడిచే ల్యాగింగ్‌వో, ముందు నడిచే లీడింగ్‌వో ఆ వర్గమూలం చెప్పదు. మోటారు కాబట్టి ల్యాగింగ్ అని మనం ఊహిస్తున్నాం. ఆ ఊహను నిర్ధారించుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. లోడ్‌కు సమాంతరంగా 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కలిపి, సప్లై వైపు కరెంటు చూడండి. 230 వోల్టుల దగ్గర అది 166 వార్‌లు ఇస్తుంది. లోడ్ ల్యాగింగ్ అయితే Q 1148కి తగ్గి, కరెంటు 8 నుంచి 7.50కి దిగుతుంది. లోడ్ లీడింగ్ అయితే Q 1480కి పెరిగి, కరెంటు 8.53కి ఎక్కుతుంది. అర ఆంపియర్ తేడా ఏ క్లాంప్ మీటర్‌లోనైనా కనిపిస్తుంది.

కెపాసిటర్ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. 440 వోల్టుల ఏసీకి రేట్ చేసిన, ఎప్పుడూ లైన్ మీద ఉండగలిగే రకమే వాడాలి. మోటారు స్టార్ట్ కోసం కొన్ని సెకన్లు మాత్రమే పనిచేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను ఇలా పెడితే వేడెక్కి పగిలిపోతుంది. సప్లై ఆపిన తర్వాత కూడా కెపాసిటర్ టెర్మినల్స్ మీద 325 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు, డిస్చార్జ్ రెసిస్టర్ ఉండాల్సిందే. మోటారు లోపల ఇప్పటికే ఉన్న రన్ కెపాసిటర్‌ను మార్చి ప్రయోగం చేయకండి. అది ఆక్జిలరీ వైండింగ్‌కు కావలసిన ఫేజ్ కోసం లెక్కగా పెట్టింది, పవర్ ఫ్యాక్టర్ కోసం కాదు. మనం కలిపేది సప్లై రెండు తీగల మధ్య విడిగా.

మీ మోటారును 0.95కి తేవాలంటే ఎంత కెపాసిటర్ కావాలో కూడా చూద్దాం. 1288 వాట్లకు 0.95 దగ్గర ఉండదగిన Q 423 వార్‌లు. ఉన్నది 1314. కెపాసిటర్ ఇవ్వాల్సింది 891:

```
C = Qc / (ω·V²) = 891 / (314.16 × 230²) = 53.6 µF
```

చేతికి దొరికేది 50 మైక్రోఫారడ్ అనుకుందాం. అది 831 వార్‌లు ఇస్తుంది. మిగిలేది 483. అపారెంట్ పవర్ 1376 వీఏ, సప్లై కరెంటు 5.98 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.936. ఇందాకటి కేబుల్‌లో నష్టం 32 నుంచి 18 వాట్లకు తగ్గుతుంది. కానీ మోటారు తీసుకునే వాట్లు మారవు, 1288 అలాగే ఉంటాయి. "కెపాసిటర్ పెడితే మోటారు వాట్లు తగ్గుతాయి" అని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి. తగ్గేది కెపాసిటర్‌కు ముందున్న తీగల్లోని నష్టం మాత్రమే.

కొలిచే చోటు గురించి నాకు ఎదురైన సంఘటన ఒకటి చెబుతాను. నాతో పనిచేసే కుర్రాడు ఇలాగే కెపాసిటర్ కలిపి, క్లాంప్ పెట్టి, "ఏమీ తగ్గలేదన్నా, కెపాసిటర్ పోయినట్టుంది" అన్నాడు. మీటర్‌లో ఎనిమిదే ఉంది. వెళ్లి చూస్తే అతని క్లాంప్ కెపాసిటర్‌కూ మోటారుకూ మధ్య ఉన్న తీగ మీద ఉంది. అక్కడ ఎనిమిదే ఉంటుంది, ఉండాలి కూడా. మోటారుకు తన 5.71 ఆంపియర్ల రియాక్టివ్ కరెంటు కావాల్సిందే, అందులో 3.61 ఆంపియర్లు ఇప్పుడు సప్లై బదులు కెపాసిటర్ ఇస్తోంది. క్లాంప్‌ను సప్లై వైపు జరిపితే ఆరుకు పడిపోయింది. కెపాసిటర్ తీగ మీద పెడితే 3.6 చూపించింది. ఆరూ, మూడున్నర పైచిలుకూ కూడితే ఎనిమిది రాదేమిటని అతను మళ్లీ అడిగాడు. పైన చెప్పిన వర్గాల సంగతే అక్కడ కూడా: సప్లై నుంచి 5.60 యాక్టివ్, 2.10 రియాక్టివ్ వస్తున్నాయి. ఆ 2.10కి కెపాసిటర్ 3.61 చేరితే 5.71, దానికి 5.60 లంబంగా కలిస్తే 8. మూడు చోట్ల క్లాంప్ పెట్టి ఈ మూడు అంకెలూ తనే సరిచూసుకున్నాక అతనికి మరో వివరణ అవసరం రాలేదు.

ఎక్కువ కెపాసిటర్ ఎక్కువ మేలు కూడా కాదు. 150 మైక్రోఫారడ్ పెడితే 2493 వార్‌లు వచ్చి, 1314ను రద్దు చేసి ఇంకా 1179 లీడింగ్ వైపు మిగులుతాయి. కరెంటు మళ్లీ 7.59 ఆంపియర్లకు ఎక్కుతుంది. అంత ఖర్చు పెట్టి దాదాపు మొదటికే వచ్చినట్టు.

ఈ లెక్క ఎక్కడ నమ్మకూడదో కూడా చెప్పాలి. రెండు చోట్లు ఉన్నాయి.

ఒకటి, పవర్ ఫ్యాక్టర్ ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడు. ఇందాకటి హీటర్‌నే తీసుకోండి. అసలు Q సున్నా. వాట్‌మీటర్ 920 బదులు 915 చూపించింది అనుకుందాం, అర శాతం పైచిలుకు తేడా, మామూలు మీటర్లకు సహజమే. 920 వర్గంలోంచి 915 వర్గం తీసి వర్గమూలం తీస్తే 96 వార్‌లు వస్తాయి. 5 వాట్ల పొరపాటు 96 వార్‌ల భ్రమను పుట్టించింది. రెండు పెద్ద, దగ్గరి అంకెల మధ్య తేడా తీసేటప్పుడు ఇది తప్పదు. మీ మోటారు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.70 కాబట్టి అదే 5 వాట్ల తేడాకు Q కదిలేది 5 వార్‌లే, అక్కడ భయం లేదు. 0.98 పైన ఉన్న లోడ్‌కు ఈ దారిలో Q కట్టకండి. ఫేజ్ కోణాన్ని నేరుగా కొలిచే మీటర్ వాడండి.

రెండోది ఇంకా ముఖ్యం, కరెంటు సైన్ తరంగం కానప్పుడు. పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్ లేని స్విచింగ్ పవర్ సప్లై వోల్టేజి శిఖరం దగ్గర మాత్రమే సన్నని ముల్లులా కరెంటు లాగుతుంది. అలాంటి లోడ్ 230 వోల్టుల దగ్గర 1.00 ఆంపియర్, 140 వాట్లు చూపించిందనుకోండి. S 230 వీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.61. మోటారుకు చేసినట్టే వర్గమూలం తీస్తే 182 వస్తుంది. దీన్ని రియాక్టివ్ పవర్ అనుకుని కెపాసిటర్ పెడితే దెబ్బతింటారు.

ఆ 1 ఆంపియర్‌లో 50 హెర్ట్జ్ ఫండమెంటల్ భాగం 0.62 ఆంపియర్ అనీ, దాని కొసైన్ 0.98 అనీ హార్మోనిక్ ఎనలైజర్ చెప్పిందనుకోండి. 230ని 0.62తోనూ 0.98తోనూ గుణిస్తే 140 వాట్లు, సరిపోయింది. ఫండమెంటల్ రియాక్టివ్ పవర్ 28 వార్‌లే. మిగతాదంతా మూడో, ఐదో, ఏడో హార్మోనిక్ కరెంట్ల వల్ల వచ్చిన డిస్టార్షన్, మొత్తం దాదాపు 180 వీఏ. ఈ రెండిటినీ విడిగా చూపించాలని ఐఈఈఈ 1459 ప్రమాణం చెబుతుంది. 28 వార్‌లున్న ఈ లోడ్‌కు 10 మైక్రోఫారడ్ కలిపితే అది 166 ఇచ్చి, 138 వార్‌ల లీడింగ్ తెస్తుంది, కరెంటు తగ్గకపోగా పెరుగుతుంది. డిస్టార్షన్‌ను కెపాసిటర్ తీసేయలేదు.

ఇలాంటి లోడ్ దగ్గర మీటర్ రకం కూడా తేడా చేస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ కాని చవకరకం మీటరు కరెంటు సగటును కొలిచి, అది సైన్ తరంగం అనుకుని 1.11తో గుణించి చూపిస్తుంది. ముల్లులాంటి కరెంటుకు అది అసలు విలువ కన్నా తక్కువ చూపుతుంది, దాంతో S తగ్గి, పవర్ ఫ్యాక్టర్ ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది.

మీ మోటారు విషయానికొస్తే, ఐరన్ కోర్ సంతృప్తం వల్ల కరెంటులో కొంత మూడో హార్మోనిక్ ఉంటుంది. అది ఫండమెంటల్‌లో 10 శాతం ఉందనుకున్నా, 183 వీఏ డిస్టార్షన్ తీసేస్తే Q 1314 నుంచి 1301కి మాత్రమే మారుతుంది. కెపాసిటర్ ఎంచుకోవడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. పైన చెప్పిన 10 మైక్రోఫారడ్ పరీక్ష చేసి సప్లై వైపు కరెంటు ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. 7.5కి దగ్గరగా వస్తే మీ 1314 సరైనదే. 8 దగ్గరే నిలిచిపోతే ముందు క్లాంప్ ఏ తీగ మీద ఉందో చూడండి, తర్వాత కెపాసిటర్‌ను అనుమానించండి.